చిన్న ప్రాజెక్టుకు ఆర్‌ఎఫ్‌పీ: అవసరాలు, మార్కులు, ఆ తర్వాతే ధర

ప్రశ్న: మాది తెలంగాణలో ట్రస్టు నడిపే డిగ్రీ కాలేజీ, 1,400 మంది విద్యార్థులు. ఫీజులు, హాజరు, స్కాలర్‌షిప్పుల లెక్కలకు సాఫ్ట్‌వేర్ పెట్టాలనుకుంటున్నాం. ఐదు కంపెనీలను కొటేషన్ అడిగితే 90 వేల నుంచి 7 లక్షల దాకా చెప్పారు, ఒకదానికీ ఇంకోదానికీ పోలికే లేదు. అందులో ఒకటి మా ట్రస్టీ గారి బంధువుల కంపెనీ. కంపెనీల నుంచి ప్రతిపాదనలు కోరే పత్రం, అంటే ఆర్‌ఎఫ్‌పీ, తయారుచేసే పని కమిటీ నాకు అప్పగించింది. అవసరాలు ఎలా రాయాలి? మార్కులు ఎలా వేయాలి?

సమాధానం:

ముందుగా ఆ ఐదు కొటేషన్లనూ పక్కన పెట్టేయండి. వాటిని ఎంత కష్టపడి పోల్చినా ఫలితం ఉండదు, ఎందుకంటే ఐదుగురూ ఐదు వేర్వేరు పనులకు ధర చెప్పారు. ఒకరు సాఫ్ట్‌వేర్ మాత్రమే లెక్కేసి ఉంటారు, ఇంకొకరు పాత రికార్డులు ఎక్కించడం, సర్వరు, ఎస్సెమ్మెస్‌లు, ఏటా నిర్వహణ అన్నీ కలిపి ఉంటారు.

మీకు కావలసింది ఎనిమిది నుంచి పది పేజీల పత్రం. అందులో మూడు విషయాలు గట్టిగా ఉండాలి: కళ్లెదుట పరీక్షించి చూడగలిగేలా రాసిన అవసరాలు, అందరూ ఒకేలా నింపాల్సిన ధరల పట్టిక, మార్కులు ఎలా వేస్తారో ముందే చెప్పేసిన పేజీ. సాంకేతిక ప్రతిపాదన ఒక కవరులో, ధర ఇంకో కవరులో అడగండి. సాంకేతిక మార్కులు వేసి, సంతకాలు పెట్టి, ఆ తర్వాతే ధరల కవరు తెరవండి. సాంకేతికంలో నూటికి 60 రాని వాళ్ల ధర కవరు తెరవకుండానే తిరిగి ఇచ్చేయండి. మిగిలిన వాళ్లకు నాణ్యతకు 70, ధరకు 30 చొప్పున కలిపి లెక్కకట్టండి. మీలాంటి పనికి నేను సాధారణంగా సూచించేది ఇదే.

ఈ నిష్పత్తి మీది ప్రైవేటు ట్రస్టు కాబట్టి చెబుతున్నాను. కేంద్ర ప్రభుత్వ సంస్థలకు ఆర్థిక శాఖ 2021 అక్టోబరులో ఇచ్చిన సూచనల ప్రకారం, కన్సల్టెన్సీ కాని సేవల్లో ధరేతర అంశాలకు 30 శాతానికి మించి బరువు ఇవ్వకూడదు. మీ కాలేజీకి ప్రభుత్వ గ్రాంటు ఏదైనా వస్తూ, ఆ డబ్బుతోనే ఇది కొంటున్నట్లయితే, ఏ నిబంధనలు వర్తిస్తాయో మీ ఆడిటర్‌ను ముందే అడగండి.

అవసరాలు రాయడం

చాలా పత్రాల్లో "సాఫ్ట్‌వేర్ యూజర్ ఫ్రెండ్లీగా ఉండాలి", "అన్ని రకాల రిపోర్టులు రావాలి" అని రాస్తారు. ఈ వాక్యాలకు ఏ కంపెనీ అయినా "ఉంది" అని టిక్కు పెట్టేస్తుంది. రేపు గొడవ వచ్చినప్పుడు వాటిని పట్టుకుని మీరేమీ అడగలేరు. ప్రతి అవసరాన్నీ ఒక మనిషి ఒక పని చేస్తున్నట్టుగా రాయండి. రాసిన తర్వాత "ఇది జరిగిందో లేదో పది నిమిషాల్లో చూసి చెప్పగలనా?" అని మిమ్మల్ని మీరు ప్రశ్నించుకోండి. చెప్పలేకపోతే ఆ వాక్యం మార్చాలి.

మీ కాలేజీలో అసలు కష్టం ఫీజు రీయింబర్స్‌మెంట్ దగ్గర ఉంటుంది. ప్రభుత్వ స్కాలర్‌షిప్పుల పోర్టల్ ఈపాస్ ద్వారా మంజూరైన ట్యూషన్ ఫీజు, అంటే మనవాళ్లు ఆర్‌టీఎఫ్ అనేది, ఎప్పుడు వస్తుందో తెలియదు. ఒక్కోసారి విడతలుగా వస్తుంది. విద్యార్థి స్వయంగా కట్టాల్సిన భాగం వేరే ఉంటుంది. అందుకని నేనైతే ఈ అవసరాన్ని ఇలా రాస్తాను: "విద్యార్థి వార్షిక ఫీజు 18,000 రూపాయలు. అందులో 12,000 ప్రభుత్వం నుంచి రావాలి, 6,000 విద్యార్థి కట్టాలి. విద్యార్థి రెండు విడతల్లో 4,000 కట్టాడు. ప్రభుత్వం నుంచి 5,000 వచ్చింది. ఈ దశలో విద్యార్థి నుంచి రావాల్సింది 2,000, ప్రభుత్వం నుంచి రావాల్సింది 7,000 అని సాఫ్ట్‌వేర్ విడివిడిగా చూపాలి. విద్యార్థి టీసీ అడిగిన రోజున కూడా ఈ రెండు బాకీలూ వేర్వేరుగానే కనిపించాలి."

ఇది చదివిన కంపెనీకి మీరేం అడుగుతున్నారో స్పష్టంగా అర్థమవుతుంది. మామూలు స్కూల్ సాఫ్ట్‌వేర్‌కు పేరు మార్చి అమ్మేవాళ్లు ఇక్కడే ఆగిపోతారు, ఎందుకంటే వాళ్ల దగ్గర బాకీ అంటే ఒకే అంకె.

రసీదుల గురించి కూడా ఇలాగే ఖచ్చితంగా ఉండాలి. తప్పుగా కొట్టిన రసీదును రద్దు చేయగలగాలి, కానీ చెరిపేయడం కుదరకూడదు. రద్దయిన రసీదు నంబరు, ఎవరు రద్దు చేశారు, ఎందుకు, ఎప్పుడు అన్నవి నిలిచి ఉండాలి. రసీదు నంబర్ల వరుసలో ఖాళీ ఉండకూడదు. మీ ఆడిటర్ మొదట చూసేది ఇదే.

హాజరు ఎస్సెమ్మెస్‌ల విషయంలో ఒక చిక్కుంది. టెలికాం నియంత్రణ సంస్థ ట్రాయ్ నిబంధనల ప్రకారం, పంపేవారి పేరుగా కనిపించే హెడర్‌నూ ప్రతి సందేశపు నమూనానూ టెలికాం కంపెనీల డీఎల్‌టీ పోర్టల్‌లో ముందే నమోదు చేయించాలి. ఆ నమోదు మీ కాలేజీ పేరు మీద ఉండాలి. కంపెనీ తన హెడర్‌తో పంపిస్తే, రేపు కంపెనీ మారినప్పుడు తల్లిదండ్రులకు తెలిసిన ఆ పేరు కూడా వాళ్లతోనే పోతుంది. నమోదు కాగితాల పని ఎవరిది, దాని ఖర్చు ఎవరిది, ఒక్కో సందేశానికి ఎన్ని పైసలు అన్నవి ఆర్‌ఎఫ్‌పీలోనే తేల్చేయండి.

అవసరాలను రెండు గుంపులుగా చేయండి. తప్పనిసరివి పదిహేనుకు మించకుండా చూసుకోండి, వాటిలో ఒక్కటి లేకపోయినా ప్రతిపాదన తిరస్కరిస్తామని రాయండి. ఉంటే మంచిదనుకున్నవి రెండో గుంపు, వాటికి మార్కులు. కమిటీలో ప్రతి ఒక్కరూ తమకు నచ్చినదాన్ని తప్పనిసరి జాబితాలోకి తోసేస్తారు. మొబైల్ యాప్, ముఖాన్ని గుర్తుపట్టే హాజరు, లైబ్రరీ, హాస్టల్ అంటూ జాబితా పెరిగే కొద్దీ చిన్న మంచి కంపెనీలు తప్పుకుంటాయి, మిగిలినవాళ్ల ధర పెరుగుతుంది.

అర్హత షరతులకూ ఇదే వర్తిస్తుంది. ఏదో పెద్ద ప్రభుత్వ టెండరు నుంచి "ఏటా 5 కోట్ల టర్నోవర్ ఉండాలి" లాంటి వాక్యాలు ఎత్తి రాసిన ఆర్‌ఎఫ్‌పీలు నేను చాలా చూశాను. ఆరేడు లక్షల పనికి అంత టర్నోవర్ ఉన్న కంపెనీ తన అనుభవజ్ఞులను పంపదు. వెయ్యి మందికి పైగా విద్యార్థులున్న రెండు కాలేజీల్లో ఒక పూర్తి విద్యా సంవత్సరం తమ సాఫ్ట్‌వేర్ నడిచి ఉండాలి అన్న ఒక్క షరతు మీకు అంతకంటే ఎక్కువ ఉపయోగపడుతుంది.

ధరల పట్టిక

ఐదేళ్ల మొత్తం ఖర్చు అడగండి. పట్టికలోని వరుసలు మీరే గీసి ఇవ్వాలి: సాఫ్ట్‌వేర్, స్థాపన, పాత రికార్డుల బదిలీ, శిక్షణ, సర్వరు అద్దె, ఏటా నిర్వహణ, ఏడాదికి మీరు అంచనా వేసిన ఎస్సెమ్మెస్‌లు. కంపెనీ ఖాళీలు నింపితే చాలు. వరుస ఖాళీగా వదిలితే అది ఉచితం కింద లెక్క అని రాయండి.

జీఎస్టీతో కలిపిన మొత్తాన్నే పోల్చండి. విద్యాసేవలకు మినహాయింపు ఉండటం వల్ల మీలాంటి కాలేజీ తాను కట్టిన 18 శాతం జీఎస్టీని మామూలుగా వెనక్కి తెచ్చుకోలేదు. అది మీ జేబులోంచి పోయే డబ్బే. జీఎస్టీ రిజిస్ట్రేషన్ అవసరం లేనంత చిన్న కంపెనీ బిడ్డరుగా వస్తే, వాళ్లకిచ్చే మొత్తంలో ఆ పన్నే ఉండదు. అందుకే చివరికి మీరు ఎంత చెల్లిస్తారు అన్నదే ప్రమాణం.

మార్కుల పట్టిక

సాంకేతిక మార్కులు నూటిని నేను ఇలా పంచుతాను: మనం ఇచ్చిన స్క్రిప్టు ప్రకారం డెమోకు 45, ఇలాంటి కాలేజీల్లో అనుభవానికీ అక్కడివాళ్ల అభిప్రాయానికీ 20, పాత రికార్డుల బదిలీ ప్రణాళికకు 20, తర్వాతి సహాయానికి 15.

డెమోకు అంత ఎందుకంటే, మీరు చూడబోయేవాటిలో రాతలో అందంగా కనిపించేలా చేయలేనిది అదొక్కటే. కంపెనీని తనకు నచ్చినట్టు చూపించనివ్వకండి. పైన చెప్పిన 18,000 ఫీజు విద్యార్థి కథ, రద్దు చేసిన రసీదు, సగం నెలలో సెక్షన్ మారిన విద్యార్థి హాజరు, ఇలా ఐదారు సన్నివేశాలు రాసి వారం ముందు అందరికీ ఒకేలా పంపండి. డెమో రోజున కంప్యూటర్ ముందు మీ ఫీజు కౌంటరు గుమస్తాను కూర్చోబెట్టండి. సన్నివేశం మొత్తం కంపెనీవాళ్ల సహాయం లేకుండా పూర్తయితే పూర్తి మార్కులు, మధ్యలో మాటసాయం కావాల్సివస్తే సగం, "తర్వాత చేసిస్తాం" అంటే సున్నా. ఏ పరిస్థితికి ఎన్ని మార్కులో ముందే రాసి ఉంచండి. "బాగుంది, చాలా బాగుంది" అని మార్కులు వేస్తే కమిటీలో గొంతు పెద్దగా ఉన్నవారి మాటే నెగ్గుతుంది.

అనుభవానికీ ఇలాగే: అర్హతకు కావలసిన రెండు కాలేజీలే ఉంటే 8, మూడు లేదా నాలుగు ఉంటే 14, ఐదు లేదా అంతకంటే ఎక్కువ ఉంటే 20. కంపెనీ ఇచ్చిన పేర్లకు ఫోన్ చేసినప్పుడు ప్రిన్సిపల్‌తో కాకుండా అకౌంటెంట్‌తో మాట్లాడండి. "పోయిన జూన్‌లో అడ్మిషన్ల రద్దీలో సాఫ్ట్‌వేర్ ఆగిందా? ఆగితే ఎంతసేపట్లో మనిషి పలికాడు?" అని అడగండి. అభిప్రాయం బాగాలేకపోతే ఒక్కో కాలేజీకి ఎన్ని మార్కులు తగ్గుతాయో కూడా పత్రంలోనే చెప్పేయండి.

సభ్యులు ముందు ఎవరికి వారు మార్కులు వేసి కాగితం ఇవ్వాలి, ఆ తర్వాతే చర్చ. ఒకే అంశంలో ఇద్దరి మధ్య మూడోవంతు కంటే ఎక్కువ తేడా ఉంటే కారణం మాట్లాడుకోవాలి. మార్చుకుంటే పాత అంకె కొట్టేసి పక్కన సంతకం పెట్టాలి.

ధర కలిపినప్పుడు ఏం జరుగుతుందో ఒక ఉదాహరణ

కరీంనగర్ వైపు ఒక కాలేజీకి నేను ఇలాంటి పని చేసిపెట్టాను. కంపెనీల పేర్లు చెప్పను, క, గ, చ, ట అనుకుందాం. సాంకేతిక మార్కులు వరుసగా 82, 71, 64, 48. నాలుగో కంపెనీ 60 దాటలేదు, దాని ధర కవరు తెరవలేదు. మిగిలిన ముగ్గురి ఐదేళ్ల ఖర్చు: క 9 లక్షలు, గ 6 లక్షలు, చ 5.4 లక్షలు.

వాడిన సూత్రం ఇది:

```
ధర మార్కులు = 100 × (అర్హుల్లో అతి తక్కువ ధర ÷ ఈ కంపెనీ ధర)
మొత్తం = 0.70 × సాంకేతిక మార్కులు + 0.30 × ధర మార్కులు
```

దాంతో ధర మార్కులు క 60, గ 90, చ 100 అయ్యాయి. కలిపితే క 75.4, గ 76.7, చ 74.8. పని గ కంపెనీకి వెళ్లింది.

ఇప్పుడు నిష్పత్తి మార్చి చూడండి. 80:20 పెడితే క 77.6తో గెలుస్తుంది. 50:50 పెడితే చ 82తో గెలుస్తుంది. అవే మార్కులు, అవే ధరలు, మూడు నిష్పత్తులకు ముగ్గురు విజేతలు. నిష్పత్తిని ధరలు తెరవకముందే, ఇంకా చెప్పాలంటే పత్రం బయటికి వెళ్లకముందే ఖరారు చేయాలని పట్టుబట్టేది అందుకే. ధరలు చూశాక నిష్పత్తి మీద చర్చ మొదలైతే, అది నిష్పత్తి గురించి జరిగే చర్చ కాదు, ఎవరికి పని ఇవ్వాలన్న చర్చ.

ఐదేళ్ల ఖర్చు ఎందుకు అడగమన్నానో కూడా ఈ అంకెల్లోనే కనిపిస్తుంది. ఏటా కట్టేది వదిలేసి మొదట ఒకసారి ఇవ్వాల్సింది మాత్రమే చూస్తే క 5 లక్షలు, గ 2.4 లక్షలు, చ 90 వేలు. చ కంపెనీ ఏటా మరో 90 వేలు అడిగింది, అది ఐదేళ్లకు 4.5 లక్షలు. మొదటి మొత్తంతోనే లెక్కకట్టి ఉంటే గ ధర మార్కులు 37.5కు పడిపోయేవి, చ సునాయాసంగా గెలిచేది.

ఇంకో ప్రమాదం నాలుగో కంపెనీ వైపు నుంచి వస్తుంది. తర్వాత వాళ్లే చెప్పారు, వాళ్ల ధర 2.7 లక్షలని. 60 మార్కుల గీత లేకుండా అందరి ధరలూ తెరిచి ఉంటే, ఆ 2.7 లక్షలే కనిష్ఠ ధర అయ్యేది. అప్పుడు ధర మార్కులు క 30, గ 45, చ 50. మొత్తాలు క 66.4, గ 63.2, చ 59.8. అంటే పని చేయలేని కంపెనీ ఒకటి చాలా తక్కువ ధర వేసినందుకు, మిగిలినవాళ్ల మధ్య విజేత గ నుంచి క కు మారిపోయేది, ఆ కాలేజీకి 3 లక్షలు అదనంగా ఖర్చయ్యేది. ఆ నాలుగో కంపెనీ కూడా 63.6తో రెండో స్థానంలో నిలిచేది. అందుకే సూత్రంలో "అర్హుల్లో అతి తక్కువ ధర" అన్న మాట తప్పకుండా ఉండాలి.

మీరు చేయాల్సిన పని ఒకటుంది. పత్రం పంపే ముందు ఊహించిన అంకెలతో ఈ లెక్క ఒక ఎక్సెల్ షీటులో వేసి కమిటీకి చూపించండి. 70:30లో సాంకేతికంగా 10 మార్కులు ఎక్కువంటే మొత్తంలో 7 మార్కులు. కనిష్ఠ ధర 6 లక్షలైతే, ఆ 10 మార్కుల మెరుగుదల కోసం మీరు దాదాపు 7.8 లక్షల దాకా ఇవ్వడానికి సిద్ధమని అర్థం. "పది మార్కులు మెరుగైన సాఫ్ట్‌వేర్‌కు 1.8 లక్షలు ఎక్కువ ఇస్తామా?" అని సూటిగా అడగండి. "అంత ఇవ్వం" అంటే 60:40కి దిగండి. శాతాల్లో మాట్లాడితే అందరూ తలూపుతారు, రూపాయల్లో అడిగితేనే అసలు అభిప్రాయం బయటపడుతుంది.

ఇంకో సూక్ష్మం కూడా గమనించండి. సభ్యులు మొహమాటంతో అందరికీ 70కీ 78కీ మధ్యే మార్కులు వేస్తే, నాణ్యతకు 70 శాతం బరువున్నా నిర్ణయించేది ధరే అవుతుంది. నాణ్యతలో గరిష్ఠ తేడా 8 మార్కులు, అంటే మొత్తంలో 5.6 మాత్రమే. ధరలో 60 నుంచి 100 దాకా తేడా ఉంటే అది మొత్తంలో 12. డెమోకు పూర్తి, సగం, సున్నా అని గట్టి మెట్లు పెట్టమన్నది ఈ కారణంగానే.

నడిపించే తీరు

పత్రం పంపాక మూడు వారాలు గడువివ్వండి. మొదటి వారంలో ప్రశ్నలు ఈమెయిల్‌లో మాత్రమే తీసుకోండి. ఎవరు అడిగారో చెప్పకుండా ప్రశ్నలూ జవాబులూ కలిపి అందరికీ ఒకేసారి పంపండి. ఫోన్లో ఒకరికి చెప్పిన చిన్న వివరణ కూడా తర్వాత గొడవకు దారితీస్తుంది. కవర్లకు బదులు ఈమెయిల్ వాడితే, ధరల ఫైలుకు పాస్‌వర్డ్ పెట్టమని చెప్పి, సాంకేతిక మార్కుల మీద సంతకాలయ్యాక అర్హులను మాత్రమే పాస్‌వర్డ్ అడగండి.

ఈ స్థాయి పనికి ధరావతు సొమ్ము అడగడం నాకు ఇష్టం ఉండదు, చిన్నవాళ్లను అది దూరం చేస్తుంది. దానికి బదులు చెల్లింపులను పనికి ముడిపెట్టండి: ఒప్పందంతో 20 శాతం, పాత రికార్డులు ఎక్కించి అకౌంటెంట్ సరిచూశాక 30, ఒక టర్మ్ ఫీజుల వసూలు పూర్తిగా దాని మీదే నడిచాక 30, ఏడాది చివర 20. ఒప్పందం ముగిసినప్పుడు డేటా అంతా ఎక్సెల్‌లో తెరుచుకునే రూపంలో 15 రోజుల్లో, అదనపు రుసుము లేకుండా ఇవ్వాలన్న షరతు కూడా ఆర్‌ఎఫ్‌పీలోనే ఉండాలి. ఎంపికయ్యాక అడిగితే దానికి వేరే ధర చెబుతారు.

ఎంపిక తర్వాత బేరం ఆడాల్సివస్తే మొదటి స్థానంలో వచ్చిన వారితోనే ఆడండి. ఒకరి ధర ఇంకొకరికి చూపించి తగ్గించమని అడగొద్దు. ఆ మాట ఊళ్లో తెలిసిపోతుంది, మళ్లీ మీరు పిలిస్తే ఎవరూ నిజమైన ధర వేయరు.

చివరగా ట్రస్టీ గారి బంధువుల కంపెనీ విషయం. వాళ్లు పాల్గొనకూడదని అనడం న్యాయం కాదు, పాల్గొననివ్వండి. కానీ ఆ ట్రస్టీ గారు కమిటీలో ఉండకూడదు. ఆర్‌ఎఫ్‌పీ ముసాయిదా చదవకూడదు, డెమోకు రాకూడదు, చివరి ఆమోదం రోజున కూడా ఆ అంశం వచ్చినప్పుడు బయటికి వెళ్లాలి. ఈ మాట మీరు వెళ్లి చెప్పడం ఇబ్బందిగా ఉంటుంది కాబట్టి, కమిటీ సభ్యులందరి చేతా "బిడ్డర్లలో ఎవరితోనూ నాకు బంధుత్వం గానీ వ్యాపార సంబంధం గానీ లేదు, ఉంటే తప్పుకుంటాను" అన్న ఒక పేరా మీద సంతకాలు తీసుకునే పద్ధతి పెట్టండి. ఆ కాగితం అధ్యక్షులవారి పేరు మీద, పత్రం బయటికి వెళ్లకముందే అందరికీ వెళ్లాలి. ఆ కంపెనీయే గెలిస్తే, సభ్యుల విడివిడి మార్కుల కాగితాలు, ధరలు తెరిచిన తేదీ, సమయం, అక్కడున్నవారి సంతకాలు ఉన్న మినిట్స్ మీ ఫైల్లో ఉంటాయి. ఆడిటర్ అడిగినా, ఓడిపోయిన కంపెనీ అడిగినా అవే చూపించండి.